ఇడ్లీ, పూరీ, ఉప్మా లెక్క: నడిగడిలో మైనస్ 8 ఎందుకు వచ్చింది?

అమ్మా, నువ్వు పంపిన ఫోటో చూశాను. మూడు వృత్తాలు చక్కగా గీశావు. ఇడ్లీ వృత్తం ఎడమ పక్క, పూరీ కుడి పక్క, ఉప్మా కింద. గళ్లన్నీ పెన్సిల్‌తో నింపావు. నడిమి గడిలో −8 రాసి, దాని చుట్టూ రెండుసార్లు గుండ్రంగా గీత గీశావు. ఆ గీత చూడగానే నాకు సంతోషమేసింది. మూడు టిఫిన్లూ ఇష్టమైన పిల్లలు మైనస్ ఎనిమిది మంది ఉండరని నీకే తెలిసింది. తప్పు ఎక్కడుందో తెలియకపోయినా, తప్పు ఉందని పట్టుకున్నావు. సగం లెక్క అక్కడే అయిపోయింది.

ముందు ప్రశ్నను మళ్లీ పూర్తిగా రాస్తాను. ఫోటోలో కింది ఎడమ మూల కోసుకుపోయింది. అక్కడ 1 అనే అంకె మాత్రమే కనిపిస్తోంది. అది 10 అని నువ్వు వాయిస్ మెసేజ్‌లో చెప్పావు కాబట్టి దాన్నే తీసుకుంటున్నాను.

ప్రశ్న: ఒక బాలికల హాస్టల్‌లో 130 మంది ఉన్నారు. ఉదయం టిఫిన్‌కి ఏది ఇష్టమో చేతులెత్తమంటే ఇడ్లీకి 70 మంది, పూరీకి 73 మంది, ఉప్మాకి 50 మంది చేతులెత్తారు. ఇడ్లీ, పూరీ రెండూ ఇష్టమన్నవాళ్లు 34 మంది. పూరీ, ఉప్మా రెండూ ఇష్టమన్నవాళ్లు 25 మంది. ఇడ్లీ, ఉప్మా రెండూ ఇష్టమన్నవాళ్లు 30 మంది. ఈ మూడింటిలో ఏదీ ఇష్టం లేదన్నవాళ్లు 10 మంది. అయితే మూడూ ఇష్టమైనవాళ్లు ఎందరు? ఒక్క ఇడ్లీయే ఇష్టమైనవాళ్లు, ఒక్క పూరీయే ఇష్టమైనవాళ్లు, ఒక్క ఉప్మాయే ఇష్టమైనవాళ్లు ఎందరు?

ఇడ్లీ ఇష్టమైనవాళ్ల సమితిని A, పూరీని B, ఉప్మాని C అందాం.

ఇప్పుడు నీ బొమ్మ దగ్గరికి వద్దాం. ఇడ్లీ, పూరీ వృత్తాలు కలిసే చోట, నడిగడికి బయట ఉన్న ఆకులాంటి గడిలో నువ్వు 34 రాశావు. అలాగే మిగతా రెండు ఆకుల్లో 25, 30. మొదటి అడుగు జారింది ఇక్కడే. 34 మందిలో ఉప్మా కూడా ఇష్టమైన పిల్లలు కలిసే ఉన్నారు. "ఇడ్లీ, పూరీ ఇష్టమా?" అని అడిగినప్పుడు ఉప్మా కూడా తినే అమ్మాయి చెయ్యి కిందికి దించుకోలేదు కదా! కాబట్టి 34 అనేది ఆకు ఒక్కదానిది కాదు, ఆకూ నడిగడీ రెండూ కలిపితే వచ్చే సంఖ్య. ప్రశ్నలో "ఇడ్లీ, పూరీ మాత్రమే" అని ఉంటే అప్పుడు నువ్వు రాసిందే సరి. ఆ ఒక్క "మాత్రమే" ఉందా లేదా అని ప్రతిసారీ వేలు పెట్టి చూసుకో.

నువ్వు మోసపోయిన చోటు ఇంకొకటి ఉంది. నీ గళ్లన్నీ కూడి చూశాను. 14, 22, 3, తర్వాత 34, 25, 30, చివర −8. మొత్తం సరిగ్గా 120. ఇడ్లీ వృత్తం కూడినా 14 + 34 + 30 − 8 = 70 వస్తోంది. పూరీ, ఉప్మా కూడా టాలీ అవుతున్నాయి. అన్నీ సరిపోతుంటే మైనస్ ఎలా వచ్చిందని రాత్రంతా టెన్షన్ పడ్డానన్నావు. సరిపోకుండా ఎలా ఉంటాయి? ఆ మొత్తాలు సరిపోయేలాగే కదా నువ్వు x విలువ కట్టావు. సమీకరణంలో వాడిన సంఖ్యలతోనే సరిచూస్తే, సమీకరణం సాధించడంలో తప్పు లేదని తేలుతుందే గానీ సమీకరణమే సరైందో కాదో తేలదు. నువ్వు వాడకుండా వదిలేసినవి వేరే ఉన్నాయి. 34 + (−8) = 26. ఇడ్లీ, పూరీ రెండూ ఇష్టమైనవాళ్లు నీ బొమ్మ ప్రకారం 26 మంది, ప్రశ్న ప్రకారం 34 మంది. అక్కడ సరిచూసుంటే వెంటనే దొరికేది.

ఇక సూత్రం. రెండు సమితులకైతే నీకు బాగా వచ్చు:

n(A ∪ B) = n(A) + n(B) − n(A ∩ B)

మూడు సమితులకి:

n(A ∪ B ∪ C) = n(A) + n(B) + n(C) − n(A ∩ B) − n(B ∩ C) − n(A ∩ C) + n(A ∩ B ∩ C)

దీన్ని బట్టీ పట్టొద్దు. చేర్చడం, తీసేయడం, మళ్లీ చేర్చడం అనే ఈ వరస ఎందుకు వచ్చిందో ఒక్క అమ్మాయిని పట్టుకుని చూద్దాం. ఆమెకి మూడూ ఇష్టం. ఇడ్లీకి చెయ్యెత్తింది, పూరీకి ఎత్తింది, ఉప్మాకి ఎత్తింది. 70 + 73 + 50 కూడినప్పుడు ఆమె ఒక్కతే మూడుసార్లు లెక్కలోకి వచ్చింది. తర్వాత జంటల్ని తీసేశాం. 34లో ఆమె ఉంది, 25లో ఉంది, 30లో ఉంది. అంటే మూడుసార్లు పోయింది. 3 − 3 = 0. హాస్టల్‌లో ఉన్న పిల్ల లెక్కలోంచే మాయమైపోయింది! అందుకే చివర్లో ఆమెని ఒకసారి తెచ్చి చేర్చాలి. రెండే ఇష్టమైన అమ్మాయి అయితే రెండుసార్లు వచ్చి, ఒకసారి పోతుంది, ఒక్కటి మిగులుతుంది. ఒక్కటే ఇష్టమైన అమ్మాయి ఒకసారి వచ్చి అలాగే ఉండిపోతుంది. ఎవర్ని తీసుకున్నా చివరికి లెక్కలో సరిగ్గా ఒక్కసారే ఉండాలి. ఆ సూత్రం చేసే పని అంతే.

సంఖ్యలు వేద్దాం. ఏదో ఒకటైనా ఇష్టమైనవాళ్లు 130 − 10 = 120. నడిగడిని x అనుకో.

120 = 70 + 73 + 50 − 34 − 25 − 30 + x

120 = 193 − 89 + x

120 = 104 + x

x = 16

మూడూ ఇష్టమైనవాళ్లు 16 మంది.

ఇప్పుడు బొమ్మ నింపడం. ఎప్పుడూ నడిగడి నుంచి బయటికి రావాలి, బయటి నుంచి లోపలికి కాదు. నడుమ 16 రాయి. ఇడ్లీ, పూరీ ఆకులో 34 − 16 = 18. పూరీ, ఉప్మా ఆకులో 25 − 16 = 9. ఇడ్లీ, ఉప్మా ఆకులో 30 − 16 = 14. తర్వాత బయటి చంద్రవంకలు:

ఒక్క ఇడ్లీయే: 70 − 18 − 14 − 16 = 22

ఒక్క పూరీయే: 73 − 18 − 9 − 16 = 30

ఒక్క ఉప్మాయే: 50 − 14 − 9 − 16 = 11

వృత్తాల బయట, డబ్బా లోపల 10. మూడు వృత్తాలు గీస్తే బయటిదాంతో కలిపి ఎనిమిది గళ్లు రావాలి. ఎనిమిదీ నిండాయా లేదా చూసుకో. ప్రతి టిఫిన్‌కీ ఇష్టం, ఇష్టం లేదు అని రెండే దారులు, 2 × 2 × 2 = 8. ఈ బొమ్మలకి పేరిచ్చిన జాన్ వెన్ ఇంగ్లండ్‌కి చెందిన తర్కశాస్త్రవేత్త, 1880లో వీటిని వివరిస్తూ వ్యాసం ప్రచురించాడు. నాలుగు సమితులైతే పదహారు గళ్లు కావాలి, నాలుగు వృత్తాలతో అవి రావు. అందుకని ఆయన నాలుగింటికి కోడిగుడ్డు ఆకారంలో దీర్ఘవృత్తాలు వాడాడు. తీరిక ఉన్నప్పుడు నాలుగు గాజులు కాగితం మీద పెట్టి ప్రయత్నించి చూడు, ఎన్ని గళ్లు వస్తాయో నీకే తెలుస్తుంది.

సరిచూడటం ఇలా చెయ్యి. ఒక్కటే ఇష్టమైనవాళ్లు 22 + 30 + 11 = 63. సరిగ్గా రెండు ఇష్టమైనవాళ్లు 18 + 9 + 14 = 41. మూడూ ఇష్టమైనవాళ్లు 16. మొత్తం 63 + 41 + 16 = 120. ఇంతకుముందు చెప్పినట్టు ఇది ఒక్కటే చాలదు. ఎత్తిన చేతుల్ని కూడా లెక్కపెట్టు. ఒక్కటే ఇష్టమైనవాళ్లు ఒక్కొక్క చెయ్యి, రెండువాళ్లు రెండేసి, మూడువాళ్లు మూడేసి: 63 + 82 + 48 = 193. 70 + 73 + 50 కూడా 193. ఆ తర్వాత జంటలు విడివిడిగా: 18 + 16 = 34, 9 + 16 = 25, 14 + 16 = 30. ఇప్పుడు నిశ్చింతగా పడుకోవచ్చు.

ఇంకో విషయం చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే ఫోటోలో ఆ మూల అంకె సగమే కనిపించినప్పుడు నేను ఇదే ఆలోచించాను. బయటి సంఖ్య తెలియకుండా x గురించి ఏమైనా చెప్పగలమా? ఒక్క ఉప్మా గడి 50 − 30 − 25 + x, అంటే x − 5. గడిలో మనుషులు సున్నాకి తగ్గరు కాబట్టి x కనీసం 5 ఉండాలి. పూరీ, ఉప్మా రెండూ ఇష్టమైనవాళ్లే 25 మంది కాబట్టి x ఆ 25ని దాటదు. అంటే సూత్రం ముట్టుకోకముందే జవాబు 5కీ 25కీ మధ్య ఉండాలని తెలిసిపోయింది. −8 ఆ గీత దగ్గరే ఆగిపోయేది. పరీక్షలో నాలుగు ఆప్షన్లు ఇచ్చినప్పుడు ఇలా ఒకటో రెండో అక్కడికక్కడే కొట్టేయొచ్చు. కానీ 5కీ 25కీ మధ్య ఏదో తేల్చాలంటే ఆ మూల సంఖ్య తెలియాల్సిందే, అందుకే నిన్ను అడిగాను.

నీ నోట్‌బుక్‌లో కింద ఇంకో ప్రశ్న సగం రాసి వదిలేశావు: రోజూ రెండే టిఫిన్లు వండగలిగితే ఏ రెండు వండాలి? అది చాలా మంచి ప్రశ్న, వదలొద్దు. ఇక్కడ రెండు సమితుల సూత్రమే చాలు. ఇడ్లీ, పూరీ వండితే 70 + 73 − 34 = 109 మందికి ఇష్టమైనది ఒకటైనా దొరుకుతుంది. పూరీ, ఉప్మా అయితే 73 + 50 − 25 = 98. ఇడ్లీ, ఉప్మా అయితే 70 + 50 − 30 = 90. బొమ్మలో చూస్తే ఇంకా తేలిక: ఉప్మా మానేస్తే నష్టపోయేది ఒక్క ఉప్మాయే ఇష్టమైన 11 మంది, 120 − 11 = 109. పూరీ మానేస్తే 30 మంది నష్టపోతారు. ఈ లెక్క మీ వార్డెన్ మేడమ్‌కి చూపించు. ఆ 11 మందికీ, ఏదీ ఇష్టం లేదన్న 10 మందికీ ఏం పెట్టాలో కూడా అడుగు.

ఇక నువ్వు సొంతంగా చేయాల్సింది. హాస్టల్‌లో 92 మంది. ఖోఖో ఆడేవాళ్లు 38, కబడ్డీ 33, త్రోబాల్ 41. ఖోఖో, కబడ్డీ మాత్రమే ఆడేవాళ్లు 7, కబడ్డీ, త్రోబాల్ మాత్రమే 6, ఖోఖో, త్రోబాల్ మాత్రమే 9. మూడూ ఆడేవాళ్లు 5. ఏదీ ఆడనివాళ్లు ఎందరు? ఈసారి ప్రశ్నలో "మాత్రమే" ఉంది, ఆకుల్లో ఏం రాయాలో చూసి రాయి. చేశాక పేజీ నాలుగు మూలలూ కనిపించేలా ఫోటో తీసి పంపు.