నెట్ పోయినా బిల్లు ఆగదు, రాత్రికి లెక్క తేలుతుంది

కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉండగా ఇంటర్నెట్ పోయిందనుకోండి. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆగదు. బిల్లు ముందు మీ కంప్యూటర్‌లోనే నమోదవుతుంది, నెట్ వచ్చాక దానంతటదే సర్వర్‌కు చేరుతుంది. మీరు నొక్కాల్సిన బటన్ ఏమీ లేదు.

ఒక చిక్కు మాత్రం ముందే చెప్పాలి. రెండు కౌంటర్లుంటే, నెట్ లేనప్పుడు ఒకదాని అమ్మకం రెండోదానికి తెలియదు. మిగిలిన ఒక్క వస్తువుకూ ఇద్దరూ బిల్లు కొట్టేయొచ్చు. నెట్ రాగానే ఆ వస్తువు నిల్వ -1 అని ఎర్రగా, ఆ రెండు బిల్లుల నంబర్లతో సహా కనిపిస్తుంది. ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కోనక్కర్లేదు.

గల్లాపెట్టెలో డబ్బు తగ్గితే ఎవరినీ అనుమానించక్కర్లేదు

రద్దు చేసిన బిల్లు మాయమవదు. గీత కొట్టి అక్కడే ఉంటుంది: ఎవరు, ఎన్ని గంటలకు, ఏ కారణంతో రద్దు చేశారో పక్కనే ఉంటుంది. కౌంటర్లో కూర్చునేవాళ్లకు బిల్లు కొట్టే వీలు మాత్రమే ఇచ్చి, ధర మార్చే వీలు మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఇది పనిచేయాలంటే ఒక్కొక్కరికీ సొంత పిన్ ఉండాలి. అందరూ యజమాని పిన్నే వాడితే అన్ని రద్దులూ యజమాని పేరు మీదే పడతాయి.

సరుకు అయిపోకముందే కబురు

రోజుకు 8 అమ్ముడై, సరుకు రావడానికి 5 రోజులు పడితే 40 కావాలి. ఆలస్యమైతే ఆదుకునేందుకు 2 రోజుల సరుకు, అంటే ఇంకో 16. నిల్వ 56కి దిగగానే మీ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. రోజువారీ అమ్మకాన్ని గత 30 రోజుల బిల్లుల నుంచి మేమే తీస్తాం. సీజన్ మారేటప్పుడు ఆ లెక్క వెనకబడుతుంది కాబట్టి, ఆ వారం అంకెను మీరే పెంచుకోండి.

కంప్యూటర్ పాడైతే?

కొత్తదాంట్లో లాగిన్ అయితే, సర్వర్‌కు చేరిన బిల్లులన్నీ తిరిగొస్తాయి. చేరనివి రావు. అందుకే తెర మూలన “పంపాల్సినవి: 12” అని ఎప్పుడూ కనిపిస్తుంది. షాపు మూసేటప్పుడు అది 0 అయిందో లేదో చూసుకోండి.

మొదలుపెట్టడం

ఎక్సెల్‌లో నాలుగు కాలమ్‌లు చాలు: పేరు, బార్‌కోడ్, ధర, నిల్వ. బార్‌కోడ్ కాలమ్‌ను ముందే Text గా మార్చండి. లేకపోతే 13 అంకెల బార్‌కోడ్ 8.90E+12 లా మారిపోతుంది, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. అలాంటి వరుసలను మేం ఎక్కించం, వాటి నంబర్లు చూపిస్తాం.

మీ కంప్యూటర్లు చూసుకునేవారు అడిగితే ఈ వాక్యం చూపించండి: ఆఫ్‌లైన్ సింక్, రోల్ ఆధారిత అనుమతులు, ఆడిట్ లాగ్, ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్, సీఎస్‌వీ ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్.

14 రోజులు ఉచితంగా వాడి చూడండి. మొదటి రోజే నెట్ కేబుల్ తీసేసి ఐదు బిల్లులు కొట్టండి.