మన పంచాయతీకి డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది?
(2025 అక్టోబరు 2 గ్రామసభలో ఆరో వార్డు సభ్యుడి ప్రసంగం)

సర్పంచి గారికి, కార్యదర్శి గారికి, తోటి వార్డు సభ్యులకు, పనులు మానుకొని వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, పెద్దలందరికీ నమస్కారం.

వచ్చే ఏడాది, అంటే 2026–27లో ఊళ్లో ఏ పనులు చేయాలో ఈ రోజు రాసుకోవాలి. రాసేముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. నెల రోజులుగా మా వీధిలో అందరూ అడుగుతున్నది ఇదే: “పంచాయతీకి రూ.11 లక్షలు వచ్చాయట కదా, రామాలయం మలుపులో రోడ్డు ఎందుకు వేయరు?” వచ్చిన మాట నిజమే. కానీ పంచాయతీకి వచ్చే డబ్బులో చాలా భాగం దేనికి ఖర్చు పెట్టాలో ముందే రాసిపెట్టుకొని వస్తుంది. ఆ రాత తెలిస్తే మనం ఏది అడగాలో, ఎవరిని అడగాలో తెలుస్తుంది.

మొదట మన సొంత డబ్బు సంగతి. నా చేతిలో ఉన్నది మా వీధిలో ఒక ఇంటి రశీదు. ఇంటి పన్ను రూ.800. కింద గ్రంథాలయ సెస్సు రూ.64, అంటే పన్నులో రూపాయికి 8 పైసలు. ఈ 64 మనది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్తుంది. ఆ కింద కుళాయి రుసుము నెలకు రూ.50 చొప్పున రూ.600. ఇలాంటి ఇళ్లు ఊళ్లో 760. పోయిన ఏడాది ఇంటి పన్ను డిమాండు రూ.6,08,000. వసూలైంది రూ.4,02,000. కుళాయి రుసుము రూ.1,50,000 వచ్చింది. చెరువులో చేపల వేలం రూ.1,85,000, శుక్రవారం సంత ఆశీలు రూ.96,000. ఊళ్లో ఎవరైనా పొలమో స్థలమో అమ్మి రిజిస్ట్రేషన్ చేయించుకుంటే, స్టాంపు సుంకంతో పాటు నూటికి రూపాయిన్నర బదిలీ సుంకం కడతారు. అది స్థానిక సంస్థలకు చెందిన డబ్బు. మన వాటాగా రూ.1,40,000 జమ అయింది, అదీ ఒక్కసారి కాదు, విడతలుగా. మొత్తం రూ.9,73,000. దీన్నే జనరల్ ఫండ్ అంటాం.

ఇక ఖర్చు. మోటార్లకు, వీధి దీపాలకు కరెంటు బిల్లు నెలకు రూ.38,000, ఏడాదికి రూ.4,56,000. నలుగురు పారిశుద్ధ్య కార్మికుల జీతాలు రూ.2,88,000. బ్లీచింగు, బల్బులు, మోటారు రీవైండింగు, పైపుల మరమ్మతులకు రూ.1,30,000. అన్నీ పోగా మిగిలింది రూ.99,000. మీకు నచ్చిన పనికి, ఎవరి షరతూ లేకుండా పెట్టుకోగలిగింది ఆ డబ్బే. వసూలు కాని ఇంటి పన్ను రూ.2,06,000 కూడా వచ్చి ఉంటే ఆ మిగులు మూడు లక్షలు దాటేది.

ఇంటి పన్నులో ఇంకో లోటుంది. పాతగా రేకుల ఇల్లు అని రాసి ఉన్నచోట ఇప్పుడు మేడ లేచింది. రిజిస్టరులో మాత్రం రేకుల ఇల్లే. పై అంతస్తు వేసినవాళ్లు కార్యదర్శి గారికి చెప్పి కొలతలు వేయించుకుంటే పన్ను సరి అవుతుంది. రేపు బ్యాంకులో అప్పు కావాలన్నా, ఇల్లు అమ్మాలన్నా, పిల్లల పేరు మీద మార్చాలన్నా రిజిస్టరులో ఉన్న ఇల్లూ కట్టిన ఇల్లూ ఒకటే కావాలి. ఇది మీకూ మేలే.

ఇప్పుడు ఆ రూ.11 లక్షల మాట. అది కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. 73వ రాజ్యాంగ సవరణ వచ్చాక పంచాయతీలకు ఈ హక్కు దక్కింది. ఇప్పుడు నడుస్తున్నది 15వ ఆర్థిక సంఘం. 2021 నుంచి 2026 వరకు ఐదేళ్లకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ కలిపి రూ.2,36,805 కోట్లు సిఫారసు చేసింది. పోయిన ఏడాది మన భాగం రూ.11,20,000. జనాభాకు 2011 లెక్కలే ఆధారం. ఆ తర్వాత ఊరు ఎంత పెరిగినా ఆ లెక్క మారలేదు.

ఈ డబ్బును మూడు డబ్బాల్లో పోసుకోండి. నూటికి 40, అంటే రూ.4,48,000, షరతులు లేని భాగం. రోడ్డు వేయవచ్చు, దీపాలు పెట్టవచ్చు, శ్మశానానికి దారి బాగు చేయవచ్చు. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు మాత్రం వాడకూడదు. మిగిలిన 60లో సగం, రూ.3,36,000, తాగునీటికి: పైపులైను, ట్యాంకు, వాన నీటి గుంటలు, నీటి పునర్వినియోగం. మిగతా సగం, ఇంకో రూ.3,36,000, పారిశుద్ధ్యానికి: చెత్త, మురుగు నీరు, మరుగుదొడ్ల నిర్వహణ. నీళ్ల డబ్బాలో మిగిలింది కదా అని దాన్ని రోడ్డుకు మళ్లిస్తే ఆడిట్లో అభ్యంతరం వస్తుంది. సంతకం పెట్టిన వాళ్ల నుంచి రాబడతారు. ఒక డబ్బాలో అవసరాలన్నీ పూర్తిగా తీరిపోతే, ఆ మిగులును రెండో షరతు డబ్బాకు వాడుకోవచ్చు. రోడ్డుకు మాత్రం రాదు.

మా వీధి లెక్క చూద్దాం. రామాలయం మలుపు నుంచి పాత బావి దాకా 120 మీటర్లు. 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందంతో సీసీ రోడ్డు వేస్తే 54 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఏఈ గారి అంచనా రూ.5,60,000. షరతులు లేని డబ్బా మొత్తం పోసినా రూ.1,12,000 తక్కువ, పైగా మిగతా వార్డులకు పైసా మిగలదు. అందుకే అడ్డం తిప్పి ఆలోచించమంటున్నాను. ఆ వీధిలో అసలు జబ్బు రోడ్డు కాదు, కాలువ. ఇళ్ల నుంచి వచ్చే వాడకపు నీరు మలుపులో పూడిన తూము దగ్గర ఆగి దారి మీదికి పొర్లుతోంది. కాలువ కట్టకుండా రోడ్డు వేస్తే అంచు కింద మట్టి నాని కాంక్రీటు బీట్లు వారుతుంది. రెండేళ్ల తర్వాత కాలువ కోసం రోడ్డునే పగలగొడతారు. కాలువ మురుగు నీటి పని, అంటే పారిశుద్ధ్య డబ్బా. 150 మీటర్ల కాలువకు అంచనా రూ.3,30,000, ఆ డబ్బాలో సరిపోతుంది. వాలు మాత్రం మలుపు వైపు కాకుండా చెరువు కింది వాగు వైపు ఉండాలి. లెవెల్ పట్టించి, తూము అడుగు మట్టాన్ని బట్టి కాలువ అడుగు నిర్ణయించాకే తవ్వకం మొదలవ్వాలి.

రోడ్డుకు మరి డబ్బేది? ఉపాధి హామీలో వెతకాలి. ఆ పథకంలో ఖర్చయ్యే ప్రతి నూటికి కూలికి కనీసం 60, సామగ్రికి ఎక్కువలో ఎక్కువ 40. ఊరివాళ్లు పనికి వెళ్లి రూ.9,00,000 కూలి సంపాదిస్తే, ఆ లెక్కన రూ.6,00,000 సామగ్రి వాటా పుడుతుంది. సిమెంటు, కంకర, ఇసుక ఆ వాటాలోవే. ఈ నిష్పత్తిని జిల్లా మొత్తానికి చూస్తారు కాబట్టి మన కూలి మనకే సరిగ్గా తిరిగి వస్తుందని చెప్పను. కానీ కూలి పనులు జరగని ఊరికి సీసీ రోడ్డు అడిగే నోరు తగ్గుతుంది. ఈ ఏడాది మన రాష్ట్రంలో కూలి రోజుకు రూ.307. అది పని కొలతను బట్టి వస్తుంది. గుంట లోతు తక్కువైతే కూలీ తక్కువే. రోజుకు రెండు ఫోటోలు సరిగా పడకపోతే హాజరు పోతుంది. మేట్లు ఇది గట్టిగా పట్టించుకోవాలి.

పంచాయతీ ఖాతాలోకి అసలు రాని డబ్బు కూడా ఊళ్లో పనిగా కనిపిస్తుంది. కొత్త కుళాయిల పథకం జల్ జీవన్ మిషన్‌ది. కేంద్రం సగం, రాష్ట్రం సగం పెట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం చేయిస్తుంది. ఎంపీ గారి నిధి ఏడాదికి రూ.5 కోట్లు, మొత్తం నియోజకవర్గానికి. ఆయన సిఫారసు చేస్తారు, మంజూరు కలెక్టరు గారిది. సామాజిక భవనం కావాలంటే తీర్మానం, స్థలం కాగితం, అంచనా మూడూ జత చేసి ఇవ్వాలి. ఉత్త అర్జీ ఫైలులోనే ఉండిపోతుంది. పింఛన్లు, ఇళ్ల బిల్లులు నేరుగా లబ్ధిదారుడికే అందుతాయి, వాటిలో పంచాయతీకి ఏమీ ఉండదు.

డబ్బు ఉన్నా పని ఎందుకు ఆగుతుందో కూడా చెప్పాలి. ఈ సభలో పని పేరు ప్రణాళికలోకి ఎక్కాలి, ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో నమోదు కావాలి. తర్వాత అంచనా, పరిపాలన అనుమతి, సాంకేతిక అనుమతి. పని అయ్యాక ఏఈ గారు కొలతల పుస్తకంలో రాస్తారు. అప్పుడే బిల్లు. ఆ బిల్లు చెల్లింపుకు కార్యదర్శి గారిదీ సర్పంచి గారిదీ రెండు డిజిటల్ కీలు కావాలి. కీ గడువు తీరితే ఆగిపోతుంది. సిమెంటు కొట్టువాడి ఖాతా పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా బ్యాంకు వెనక్కి కొడుతుంది. నెలవారీ పద్దులు ముగించకపోయినా, పోయిన ఏడాది ఆడిట్ ఆన్‌లైన్‌లో పెట్టకపోయినా తర్వాతి విడత గ్రాంటుకే ఎసరు. అందుకే కీల గడువు తేదీలు, పద్దులు ముగించిన తేదీ మన ఆఫీసు గోడ మీద రాసి ఉంచమని కార్యదర్శి గారిని అడుగుతున్నాను.

మీరు స్వయంగా చూసుకోవచ్చు కూడా. ఫోనులో egramswaraj.gov.in తెరిచి సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, మన పంచాయతీ ఎంచుకుంటే ఏ పనికి ఎంత, ఎవరికి చెల్లించారో కనిపిస్తుంది. చదువుకునే పిల్లలున్న ఇళ్లవాళ్లు నెలకొకసారి తెరిపించి, సందేహం ఉంటే అడగండి. అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు, నేను మాట ఇస్తున్నాను.

చివరగా ఒక జాగ్రత్త. 15వ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చితో ముగుస్తుంది. ఏప్రిల్ నుంచి అరవింద్ పనగారియా గారి అధ్యక్షతన ఉన్న 16వ సంఘం సిఫారసులు అమలవుతాయి. వాటా ఎంతో, షరతులు ఏమిటో అప్పుడు తెలుస్తుంది. కాబట్టి ఈ రోజు రూ.11 లక్షలకే సరిపెట్టి రాయకుండా, పనులను వరుస క్రమంలో రాద్దాం. డబ్బు ఎంత వస్తే అక్కడిదాకా చేద్దాం. నా వార్డు నుంచి మొదటి పని కాలువ, రెండోది తూము బాగుచేత, మూడోది రోడ్డు. ఇప్పుడు కార్యదర్శి గారు జాబితా చదువుతారు. మీ వార్డు పని పక్కన ఏ పద్దు రాశారో వినండి, తేడా కనిపిస్తే ఇక్కడే చేయి ఎత్తండి, తీర్మానం రాసేలోపే మార్పిద్దాం. ఇంటి పన్ను కట్టనివాళ్లకు రశీదు పుస్తకం ఆ బల్ల మీదే ఉంది.