వరుస సెలవులు: డెలివరీలు ఆలస్యం, షాపు వేళలు తక్కువ, గిఫ్టులు మాత్రం రెడీ

నమస్కారం,

వచ్చే గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు వరుస సెలవులు. ఆ రోజుల్లో మీ ఆర్డర్లు మామూలు వేగంతో చేరవు. షాపు కూడా తక్కువ సేపే తెరిచి ఉంటుంది. ఎవరికైనా గిఫ్టు పంపాలనుకుంటున్న వాళ్లకు ఈ సంగతి ముందే తెలియాలని ఈ మెయిల్ రాస్తున్నాం.

ముందు డెలివరీల సంగతి. కొరియర్ వాళ్లు ఆ నాలుగు రోజులూ మా దగ్గర పార్శిళ్లు తీసుకోరు. సోమవారం మళ్లీ మొదలుపెట్టినా, అప్పటికి అందరి పార్శిళ్లూ ఒకేసారి వచ్చి పడతాయి కాబట్టి వాళ్ల గోడౌన్లు ఖాళీ కావడానికి సమయం పడుతుంది. అందుకే సెలవుల్లోపే గిఫ్టు చేరాలంటే, ఇతర ఊళ్లకు ఈ శనివారం మధ్యాహ్నం 12 గంటల్లోపు, మన ఊళ్లోనే అయితే వచ్చే మంగళవారం మధ్యాహ్నం 12 గంటల్లోపు ఆర్డర్ పెట్టండి. ఆ తర్వాత వచ్చిన ఆర్డర్లను కూడా తీసుకుంటాం, ప్యాక్ చేసి ఉంచుతాం, కానీ అవి ఇక్కణ్ణుంచి కదిలేది సోమవారమే. అక్కణ్ణుంచి ఊళ్లోకి రెండు మూడు రోజులు, దూరం ఊళ్లకు వారం దాకా పట్టవచ్చు.

పేరు చెక్కించే వస్తువులకు ఇంకో రెండు రోజులు కలుపుకోవాలి. చెక్క ఫొటో ఫ్రేములు, పెన్నుల మీద పేర్లు చెక్కే పని చేత్తోనే జరుగుతుంది, దాన్ని తొందరపెట్టడం మాకు ఇష్టం లేదు. అక్షరం వంకర పోతే ఆ గిఫ్టు ఇచ్చేవాళ్లకూ బాధే, అందుకునేవాళ్లకూ బాధే. కాబట్టి అలాంటివి కావాలంటే ఈరోజో రేపో ఆర్డర్ పెట్టేయండి.

ఇప్పటికే ఆర్డర్ ఇచ్చిన వాళ్లు టెన్షన్ పడకండి. ట్రాకింగ్‌లో నాలుగు రోజులు ఏ మార్పూ కనిపించకపోతే పార్శిల్ పోయిందని కాదు, ఎక్కడో సెలవులు అయ్యేదాకా ఆగి ఉందని అర్థం. బుధవారం రాత్రికల్లా, ఇంకా దారిలో ఉన్న ప్రతి ఆర్డర్‌కూ మేమే విడిగా మెసేజ్ పంపుతాం. ఆలస్యమైతే గిఫ్టు అక్కర్లేదనుకునే వాళ్లు, పార్శిల్ ఇంకా మా షాపు దాటకపోతే, ఆర్డర్ రద్దు చేసుకోవచ్చు. డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం.

షాపు వేళలు ఇలా ఉంటాయి: గురు, శుక్ర, శనివారాల్లో ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా. ఆదివారం పూర్తిగా సెలవు. సోమవారం నుంచి ఎప్పటిలా ఉదయం 10 నుంచి రాత్రి 9 దాకా. మా దగ్గర పనిచేసే వాళ్లకూ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లున్నారు, అందుకే ఈ సర్దుబాటు. మూసే ముందు చివరి అరగంటలో రద్దీ ఎక్కువ ఉంటుంది. నిదానంగా చూసి కొనాలంటే తెరవగానే రండి.

కొరియర్‌తో పనిలేకుండా గిఫ్టు ఇచ్చే దారులూ ఉన్నాయి. వెబ్‌సైట్‌లో ఎంచుకుని "షాపులో తీసుకుంటాను" అని పెడితే, రెండు గంటల్లో రంగు కాగితం చుట్టి, రిబ్బన్ కట్టి కౌంటర్ మీద ఉంచుతాం. వేళ దాటి పెట్టినవి మర్నాడు షాపు తెరిచాక తీసుకోవచ్చు. శనివారం 2 గంటల తర్వాత పెట్టినవి మాత్రం సోమవారమే. ధర చీటీ తీసేస్తాం, బిల్లు మీ మెయిల్‌కు వస్తుంది. మీరు రాసిన రెండు మాటలను చిన్న కార్డు మీద చేత్తో రాసి లోపల పెడతాం.

దూరంగా ఉన్నవాళ్లకైతే గిఫ్ట్ కార్డు మంచిది. కొన్న నిమిషాల్లోనే వాళ్ల మెయిల్‌కు చేరుతుంది, సెలవురోజుల్లో అర్ధరాత్రి కొన్నా సరే. ఏడాదిలోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. ఏం కొనాలో తేల్చుకోలేకపోతే మేం చెప్పేది ఇదీ: పెద్దవాళ్లకు మట్టి కప్పుల జత, చదువుకునే పిల్లలకు గట్టి అట్టల నోటుబుక్కు, పెన్ను సెట్టు, చిన్నపిల్లలకు అంచులు నున్నగా తీర్చిన చెక్క బొమ్మలు. కప్పులు ఒక్కోటీ వేరు వేరు ముడతల అట్టలో చుట్టి, రెండు పెట్టెల్లో పెట్టి పంపుతాం, కాబట్టి దారిలో పగులుతాయన్న భయం అక్కర్లేదు.

సెలవుల కోసం కొన్నవి నచ్చకపోతే మార్చుకునే గడువును ఈసారి 15 రోజుల నుంచి 30 రోజులకు పెంచాం. గిఫ్టు అందుకున్నవాళ్లు ఆలస్యంగా విప్పినా ఇబ్బంది ఉండదు. పేరు చెక్కినవి మాత్రం మార్చలేం.

ఏదైనా అడగాలంటే మీ ఆర్డర్ నంబరు రాసి ఈ మెయిల్‌కే జవాబివ్వండి. షాపు తెరిచి ఉన్న వేళల్లో చూసి అదే రోజు బదులిస్తాం, ఆదివారం వచ్చినవాటికి సోమవారం ఉదయం.

మీకూ మీ ఇంటివాళ్లందరికీ హాయైన సెలవులు.

మీ గిఫ్ట్ షాపు సిబ్బంది