అడిగింది మీరైతేనే ‘సరే’ నొక్కండి

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఆదివారం ఉదయం ఇంత దూరం వచ్చిన పెద్దలందరికీ నమస్కారం.

సంక్రాంతికి పిల్లలు వచ్చి వెళ్లాక మన ఇళ్లల్లో కొత్త వస్తువులు చాలా చేరాయి. ఒకరి చేతికి వాచీ, ఒకరి చెవులకు ఇయర్‌బడ్స్, ఇంకొకరి బల్ల మీద ఫోనుకు లెక్క పంపే బీపీ మెషిన్, హాల్లో గోడకు చిన్న కెమెరా. పిల్లలు ఉన్న నాలుగు రోజుల్లో అన్నీ ఫోనుకు కలిపి ఇచ్చారు. వాళ్లు వెళ్లిన తరువాత ఫోను మారుస్తాం, లేదా వాచీ మొరాయిస్తుంది. అప్పుడు మళ్లీ కలపవలసింది మనమే. కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నది ఆ సమయం గురించే. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి కాబట్టి ఈ నెలంతా మీలో చాలామంది తమ ఫోన్లు నా చేతికిచ్చి చూడమన్నారు. అక్కడ కనిపించినవే చెబుతాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. కలపడం ఎప్పుడూ మీ చేతి నుంచే మొదలవ్వాలి. మీరు ఒక వస్తువును చేతిలోకి తీసుకుని, దాని బటన్ నొక్కి, ఫోనులో వెతికితే, అప్పుడు ఫోను అడిగే ప్రశ్నకు ‘సరే’ అనవచ్చు. మీరు ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు ఫోను తెర మీదకు Pair అనో, Allow అనో, ఒక కోడ్ అనో ఏది వచ్చినా, దానికి జవాబు Cancel. తలుపు తట్టింది ఎవరో చూడకుండా గడియ తీసే అలవాటు మనకు లేదు కదా, ఫోను దగ్గర కూడా అంతే.

బీపీ మెషిన్‌తో మొదలుపెడతాను. మన సంఘంలో ఎక్కువ మంది దగ్గర ఉన్నది అదే. ముందు ఫోనును, మెషిన్‌ను ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టండి. మెషిన్ మీద బ్లూటూత్ బటన్ ఉంటే కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, గుర్తు మెరవడం మొదలవుతుంది. అది మెరుస్తున్నంత సేపే కొత్త ఫోనుతో మాట్లాడుతుంది, తరువాత దానంతట అదే ఆగిపోతుంది. చాలా మెషిన్లను ఫోను సెట్టింగుల్లోంచి కాకుండా ఆ కంపెనీ యాప్‌లోంచే కలపాలి. ఆ యాప్ పేరు మెషిన్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఆ పేరుతో ప్లే స్టోర్‌లో, ఐఫోను అయితే యాప్ స్టోర్‌లో వెతికి తెచ్చుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలును నొక్కి మాత్రం ఏ యాప్‌నూ ఎక్కించవద్దు. ఫైలు చివర .apk అని ఉంటే దాన్ని తెరవకుండా తీసేయండి, పంపినది బంధువైనా సరే. పాపం, ఆ బంధువు ఫోను ఇంకెవరి చేతుల్లోనైనా ఉండి ఉండవచ్చు.

కలిపేటప్పుడు కొన్ని వస్తువుల విషయంలో ఆరు అంకెల సంఖ్య కనిపిస్తుంది. కారులోని స్టీరియో, కంప్యూటర్ ఇలా అడుగుతాయి. ఆ సంఖ్య రెండు తెరల మీదా ఒకటేనా అని అంకె అంకె చదివి చూసుకోండి. ఒకటైతేనే Pair. ఆ పరీక్ష పెట్టిందే మధ్యలో ఇంకెవరూ దూరకుండా. తొందరలో చాలామంది చదవకుండానే నొక్కేస్తున్నారు. కళ్లద్దాలు పెట్టుకోవడానికి పట్టే ఆ అర నిమిషాన్ని దయచేసి కేటాయించండి.

తరువాత యాప్ అనుమతులు అడుగుతుంది. ఇక్కడ మీరే జడ్జీలు. ఈ వస్తువుకు ఈ అనుమతితో పనేమిటి అని ప్రతిదానికీ ప్రశ్న వేసుకోండి. వాచీలో ఫోను చేసినవారి పేరు కనిపించాలంటే దానికి కాంటాక్టులు కావాలి, ఇవ్వవచ్చు. బీపీ మెషిన్‌కు మీ బంధుమిత్రుల నంబర్లు ఎందుకు? Don't allow నొక్కండి, మెషిన్ హాయిగా పనిచేస్తుంది. ఒక్క విషయంలో చాలామంది భయపడుతున్నారు, అది లొకేషన్. ఆండ్రాయిడ్ 11 వరకు ఉన్న ఫోన్లలో చుట్టుపక్కల బ్లూటూత్ వస్తువులను వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి. ఆండ్రాయిడ్ 12 నుంచి దాని బదులు Nearby devices అనే వేరే అనుమతి వచ్చింది. కాబట్టి పాత ఫోనులో లొకేషన్ అడిగిందంటే మోసమని అనుకోనక్కరలేదు, While using the app అన్నది ఎంచుకుంటే చాలు. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి సంగతి వేరు. మీ బ్యాంకు ఓటీపీలు వచ్చేది అక్కడికే. కొన్ని వాచీల యాప్‌లు సందేశాలు చూపించడానికి దాన్ని అడుగుతాయి. నన్నడిగితే, అది ఇవ్వకుండానే వాచీ వాడుకోండి.

బీపీ మెషిన్‌ను వదిలే ముందు ఇంకొక మాట. ఇది దొంగల గురించి కాదు, మన ఆరోగ్యం గురించి. చాలా మెషిన్లలో 1, 2 అని ఇద్దరికి వేరువేరు ఖాతాలు ఉంటాయి. దంపతులిద్దరూ ఒకే అంకె మీద చూసుకుంటే అన్ని లెక్కలూ ఒకరి ఫోనులోకే చేరతాయి. ఇటీవల మన సభ్యురాలొకరు ఫోనులో డాక్టరుకు చూపించిన నెల రోజుల లెక్కలో సగం ఆవిడ భర్తవి. ఆ డాక్టరు అనుమానించి అడగబట్టి సరిపోయింది కానీ, మాత్ర మోతాదు మార్చి ఉంటే ఏమయ్యేది? కలిపిన మొదటి రోజే ఎవరి అంకె ఏదో చూసుకుని, మెషిన్ మీద చిన్న కాగితం అంటించుకోండి.

ఇప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగించే విషయానికి వస్తాను. వస్తువు కలవదు. ఒకటికి రెండుసార్లు ప్రయత్నిస్తాం, విసుగు వస్తుంది. అప్పుడు ఇంటర్నెట్‌లో ఆ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు వెతుకుతాం. మోసగాళ్లు కాచుకుని కూర్చునేది అక్కడే. వెతికితే పైన కనిపించే నంబరు కంపెనీదే కావాలని లేదు. మన మిత్రులొకరు ఇలాగే వినికిడి యంత్రం కలవడం లేదని ఒక నంబరుకు చేశారు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా, ‘అంకుల్, మీకు శ్రమ ఎందుకు, నేనే ఇక్కడి నుంచి సరిచేస్తాను, ఈ యాప్ ఎక్కించుకోండి’ అన్నాడు. ఆ యాప్ మన తెరను అవతలివాడికి చూపిస్తుంది. కాసేపటికి ‘సర్వీసు ఛార్జీ 10 రూపాయలు కట్టండి’ అన్నాడు. పది రూపాయలే కదా అని ఆయన యూపీఐ పిన్ కొట్టబోతుంటే, వాళ్ల అమ్మాయి చూసి ఫోను లాక్కుని ఆపేసింది. ఆయన చదువుకున్నవారు, జాగ్రత్తపరులు. అందుకే చెబుతున్నాను, ఇది తెలివితక్కువవారికి మాత్రమే జరిగేది కాదు.

బ్లూటూత్ వస్తువు కలవకపోతే దాన్ని బాగుచేయడానికి ఏ కంపెనీకీ మీ ఫోను తెర చూడవలసిన అవసరం రాదు. నంబరు కావాలంటే వస్తువు వచ్చిన పెట్టె మీద, వారంటీ కాగితం మీద ఉంటుంది. అందుకే పెట్టెలు పారేయకండి. వినికిడి యంత్రమైతే అమర్చిన ఆడియాలజిస్టు దగ్గరకే తీసుకెళ్లండి. ఇంకా ముందు ఒక పని చేసి చూడండి: సెట్టింగుల్లో బ్లూటూత్ జాబితాలో ఆ వస్తువు పేరు మీద Forget గానీ Unpair గానీ నొక్కి, రెండింటినీ ఆపి, మళ్లీ మొదటి నుంచి కలపండి. చాలాసార్లు దీంతోనే తీరిపోతుంది.

వాట్సాప్ కూడా ఒక రకంగా కలపడమే. Linked devices అనే చోట ఒక క్యూఆర్ స్కాన్ చేసినా, ఎనిమిది అక్షరాల కోడ్ కొట్టినా మీ వాట్సాప్ ఇంకొక కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది. ఆ తరువాత మీ సందేశాలన్నీ అక్కడా కనిపిస్తాయి. అందుకే ‘మీ ఫొటో ఇక్కడ ఉంది చూడండి’ అని లింకు పంపి, నంబరు అడిగి, ఈ కోడ్ మీ వాట్సాప్‌లో కొట్టండి అనే మోసాలు వచ్చాయి. ఇప్పుడే అందరూ ఫోన్లు తీయండి. వాట్సాప్ తెరిచి, పైన మూడు చుక్కలు, అందులో Linked devices. ఐఫోను వారికి సెట్టింగుల్లో ఉంటుంది. అక్కడ మీరు ఎరగని పరికరం పేరు కనిపిస్తే దాని మీద నొక్కి Log out చేయండి. పక్కవారికి కనబడకపోతే సాయం చేయండి, నేను ఆగుతాను.

ఇక ఇంట్లో కెమెరా. అమెరికాలో ఉన్న అబ్బాయి అక్కడి నుంచి మనల్ని చూసుకోవాలని పెట్టించాడు, ఆ ప్రేమను కాదనలేం. కానీ ఆ కెమెరా ఇంటర్నెట్‌లో ఉంది. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కొద్దీ ఇంటి కెమెరాలను, రౌటర్లను పట్టుకుంది. అది పెద్ద తెలివి చూపించిందేమీ లేదు, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును ఎవరూ మార్చకపోవడమే దానికి దారి. మీ అబ్బాయిని రెండు ప్రశ్నలు అడగండి: కెమెరా పాస్‌వర్డు మార్చావా? మన ఇంటిని నువ్వు కాకుండా ఇంకెవరెవరు చూడగలరు? పడకగదిలో మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. అది అడగడానికి మొహమాటం అక్కరలేదు, ఇల్లు మనది.

పిల్లలతో ఇంకొక ఒప్పందం కూడా చేసుకోండి. ‘నాన్నా, ఒక కోడ్ వచ్చింది చూడు, చెప్పు’ అని సందేశం వస్తే చెప్పం. వాళ్లకు మనమే వీడియో కాల్ చేసి, ముఖం చూసి మాట్లాడాకే ఏదైనా. నిజమైన పిల్లలు దీనికి కోపం తెచ్చుకోరు, సంతోషిస్తారు.

ప్రయాణాల్లో అద్దె కారు ఎక్కి పాటల కోసం ఫోను కలిపితే, కాంటాక్టులు తీసుకోనా అని ఆ కారు అడుగుతుంది. వద్దనండి. దిగే ముందు కారు జాబితాలోంచి మీ ఫోను పేరు తీసేయించండి. రైల్వే స్టేషన్లో ఛార్జింగ్‌కు సొంత ఛార్జరు మామూలు ప్లగ్గుకే పెట్టుకోవడం మంచిది. యూఎస్‌బీ రంధ్రానికి పెట్టినప్పుడు ఫోను Trust అనో, ఫైళ్లు పంపాలా అనో అడిగితే వద్దని చెప్పండి.

పేస్‌మేకర్ ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. కొత్త ఫోన్లలో, ఇయర్‌బడ్స్ డబ్బాల్లో అయస్కాంతాలు ఉంటాయి. వాటిని పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. అంటే చొక్కా జేబులో వద్దు. మీ కార్డియాలజిస్టును కూడా అడగండి.

ఫోను అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకండి. 2017లో బ్లూబోర్న్ పేరుతో బయటపడ్డ లోపాలు ఎంత పెద్దవంటే, బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు, జత చేయకుండానే ఫోనులోకి దూరవచ్చు. కంపెనీలు మందు పంపించాయి కానీ అది పనిచేసింది అప్‌డేట్ చేసుకున్నవారికే.

ఇంత జాగ్రత్త పడ్డా డబ్బు పోతే, సిగ్గుపడి ఇంట్లో దాచకండి. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి, తరువాత బ్యాంకుకు. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదు cybercrime.gov.in లో కూడా నమోదు చేయవచ్చు. ఆ నంబరును ఈ రోజే పెద్ద అక్షరాలతో రాసి, ఫోను ఛార్జింగ్ పెట్టే చోట అంటించండి.

టిఫిన్ తరువాత గ్రంథాలయం గదిలో నేను, మన మనవళ్ల వయసు కుర్రాళ్లు ఇద్దరు కూర్చుంటాం. కలవని వస్తువు ఏదైనా ఉంటే పెట్టెతో సహా తీసుకురండి. ఫోను మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి, మేము పక్కన ఉండి చెబుతాం, బటన్లు మీరే నొక్కాలి. పిన్ కొట్టేటప్పుడు మమ్మల్ని అటు తిరగమనండి.