గేట్ ఎందుకు గేటు అయింది? ఆప్టిమాలిటీ థియరీలో ర్యాంకింగ్

ఇంగ్లీషు నుంచి వచ్చిన 'గేట్' అనే మాటకు మనం చివర ఒక 'ఉ' తగిలించి 'గేటు' అంటాం. కోట్ కోటు అయింది, రైల్ రైలు అయింది. హల్లుతో ముగిసే మాట తెలుగు నోటికి అంతగా పడదు. కానీ ఆ ఇబ్బంది తీర్చడానికి ఇంకో దారీ ఉంది: చివరి హల్లును తీసేసి 'గే' అనొచ్చు. అలా ఎందుకు అనలేదు?

అలన్ ప్రిన్స్, పాల్ స్మొలెన్‌స్కీ 1993లో ప్రతిపాదించిన ఆప్టిమాలిటీ థియరీ ఇలాంటి ప్రశ్నలకే జవాబు చెబుతుంది. ఒక మూల రూపం ఉంటుంది, దాన్ని ఇన్‌పుట్ అంటారు. దానికి పలికే రూపాలు ఎన్నో సాధ్యం, వాటిని క్యాండిడేట్లు అంటారు. వాటిలో ఏది గెలవాలో కొన్ని నిబంధనలు తేలుస్తాయి. నిబంధనలు అన్ని భాషలకూ ఒకటే, వాటి వరుస మాత్రం భాషను బట్టి మారుతుంది. ఆ వరుసే ర్యాంకింగ్.

మనకిప్పుడు మూడు నిబంధనలు చాలు. 'అంతహల్లు-వద్దు': మాట హల్లుతో ముగియకూడదు. 'పోగొట్టకు': ఇన్‌పుట్‌లోని ధ్వనిని తీసేయకూడదు. 'చేర్చకు': ఇన్‌పుట్‌లో లేని ధ్వనిని కలపకూడదు. చివరి రెంటినీ భాషాశాస్త్రంలో మాక్స్, డెప్ అంటారు. ఈ మూడూ ఒకదానితో ఒకటి గొడవపడతాయని గమనించండి. అన్నిటినీ ఒకేసారి సంతోషపెట్టడం కుదరదు. అందుకే ప్రతి భాషా దేన్నో ఒకదాన్ని వదులుకుంటుంది.

పోటీని టాబ్లో అనే పట్టికలో చూపిస్తారు. ఎడమవైపు నిబంధన పై ర్యాంకుది. నక్షత్రం అంటే ఒక ఉల్లంఘన. ఆ క్యాండిడేట్ ఓడిపోయిన చోట ఆశ్చర్యార్థకం, గెలిచినదాని పక్కన చెయ్యి గుర్తు వేస్తారు.

| /గేట్/ | అంతహల్లు-వద్దు | పోగొట్టకు | చేర్చకు |
|---|---|---|---|
| గేట్ | *! | | |
| గే | | *! | |
| ☞ గేటు | | | * |
| ఇగేటు | | | **! |

ఎడమ నుంచి కుడికి చదవండి. మొదటి నిబంధన దగ్గర 'గేట్' పోయింది. రెండో దాని దగ్గర 'గే' పోయింది. మిగిలిన రెండూ మూడో నిబంధనను ఉల్లంఘించినవే, కానీ 'గేటు'కు ఒక్క నక్షత్రం, 'ఇగేటు'కు రెండు. తక్కువున్నది గెలిచింది.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ నాలుగో వరుస దగ్గరే. 'చేర్చకు' అట్టడుగున ఉందంటే తెలుగులో అది పనిచేయట్లేదని అనుకుంటారు. అది తప్పు. పైవాళ్లు తీర్పు చెప్పలేకపోయినప్పుడు అదే చెబుతుంది. అది లేకపోతే 'ఇగేటు'ను ఆపే నిబంధన ఈ పట్టికలో లేదు. మనం అవసరానికి మించి ఒక్క అచ్చు కూడా చేర్చకపోవడానికి కారణం ఆ అడుగు నిబంధనే. నాకు ఈ సిద్ధాంతంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే: ఓడిన నిబంధన కూడా భాషలో బతికే ఉంటుంది.

ఇంకో విషయం. ఇక్కడ మార్కులు కూడరు. కింది నిబంధనను పదిసార్లు ఉల్లంఘించినా, పైదాన్ని ఒక్కసారి ఉల్లంఘించినదానికన్నా మేలే.

మరి ఈ వరుస సరైనదని ఎలా రుజువు చేస్తాం? గెలిచినదాన్ని ఓడినదానితో జత కట్టి చూడాలి. 'గేటు', 'గేట్' జతలో 'అంతహల్లు-వద్దు' మొదటిదాని వైపు, 'చేర్చకు' రెండోదాని వైపు ఉన్నాయి. 'గేటు' గెలిచింది కాబట్టి అంతహల్లు-వద్దు >> చేర్చకు, అంటే ఎడమవైపుది పై ర్యాంకుది. 'గే'తో జత కడితే పోగొట్టకు >> చేర్చకు అని తేలుతుంది. మరి పై రెంటిలో ఏది పెద్ద? ఈ మాటల నుంచి చెప్పలేం. వాటిని తారుమారు చేసినా 'గేటు'యే గెలుస్తుంది. చేతిరాతలో అయితే ఆ రెండు నిలువు వరుసల మధ్య చుక్కల గీత గీస్తారు. ఆధారం లేని ర్యాంకును ఉన్నట్టు చెప్పకపోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి.

మూడు నిబంధనలను ఆరు రకాలుగా పేర్చవచ్చు, కానీ ఇక్కడ వచ్చే ఫలితాలు మూడే. ఎందుకంటే అడుగున ఎవరున్నారన్నదే లెక్క. 'అంతహల్లు-వద్దు' అడుగున ఉంటే 'గేట్' అలాగే ఉంటుంది, ఇంగ్లీషులో జరిగేది అదే. 'పోగొట్టకు' అడుగున ఉంటే హల్లు రాలిపోతుంది. న్యూజిలాండ్‌లోని మావోరీ భాష సొంత మాటలకు ఇలాంటి విశ్లేషణే ప్రసిద్ధం: 'పట్టుకో' అనే క్రియ మూలం /hopuk/, విడిగా పలికితే hopu, ప్రత్యయం వచ్చి హల్లు మాట చివర కాకుండా పోతే hopukia. (అరువు మాటల్లో మాత్రం అదే భాష అచ్చు చేరుస్తుంది. గేట్ అక్కడ kēti.)

తెలుగులో 'పుస్తకం' లాంటి మాటల చివర మకార ధ్వని వినిపిస్తుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే, 'అంతహల్లు-వద్దు'ను ఇంకా సూక్ష్మంగా రాయాలి. అలాగే ఈ రోజుల్లో చాలామంది 'గేట్' అనే పలుకుతున్నారు. వాళ్ల టాబ్లో గీసి చూడండి: నిబంధనలు ఇవే మూడు, అడుగుకు జారింది 'అంతహల్లు-వద్దు'.