విషయం: చిత్తూరు యూనిట్‌కు రోజుకు 240 టన్నుల పరిమితి ఎందుకు పెట్టాను

మేనేజర్ గారికి నమస్కారం.

సోమవారం పంపిన రవాణా ప్రణాళికలో రోజు ఖర్చు రూ.1,55,100 ఉంది. నిన్న పంపిన దానిలో అది రూ.1,76,500 అయింది. కిరాయిలు మారలేదు, సరుకూ పెరగలేదు, మరి ఈ రూ.21,400 ఎక్కడి నుంచి వచ్చిందని మీరు ఫోనులో అడిగారు. సమావేశానికి తొందరలో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. లెక్క మొత్తం మీ ముందు పెడుతున్నాను.

సోమవారం నాటి ప్రణాళిక ఒక్క విషయమే చూసింది: ఏ ర్యాంపు నుంచి ఏ యూనిట్‌కు టన్ను కిరాయి తక్కువ? రోజూ బంగారుపాళెం నుంచి 180, దామలచెరువు నుంచి 160, పెనుమూరు నుంచి 90, పుత్తూరు నుంచి 70 టన్నుల తోతాపురి మామిడి వస్తుందని వేసుకున్నాం. మొదటి మూడు ర్యాంపులకూ చవకైన దారి చిత్తూరే. అందుకని ప్రణాళిక లెక్కగట్టే సాల్వర్ ప్రోగ్రాము ఆ 430 టన్నులనూ చిత్తూరుకే పంపింది. పుత్తూరు కాయ పుత్తూరులో ఉండిపోయింది. రేణిగుంట యూనిట్‌కు ఒక్క లోడు కూడా దక్కలేదు. మనం అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే. ప్రశ్నలోనే ఒక మాట విడిచిపెట్టాం.

చిత్తూరులో రెండు లైన్లూ కలిపి గంటకు 22 టన్నులు ఆడతాయి, 20 గంటలు నడిపితే 440 టన్నులు, మరి 430 ఎందుకు పట్టదు అన్నది మీ రెండో ప్రశ్న. నేనూ మొదట అలాగే అనుకున్నాను. యంత్రాల సామర్థ్యం చూసి, పరిమితి అవసరం లేదని వదిలేశాను. కానీ కాయ లారీ దిగి నేరుగా యంత్రంలోకి వెళ్లదు. రైతు కోసి తెచ్చేది పచ్చికాయ. అది షెడ్డులో క్రేట్లలో మాగాలి, రంగు తిరగాలి, మెత్తబడాలి, ఆ తర్వాతే గుజ్జు. మన రిజిస్టరు ప్రకారం ఒక లాటు షెడ్డులో సగటున 5 రోజులు ఉంటోంది. చిత్తూరు షెడ్డులో 1,200 టన్నులు పడతాయి. 1,200ను 5తో భాగిస్తే రోజుకు 240. షెడ్డులో చోటు ఖాళీ అయ్యే వేగం అంతే. లోపలికి తీసుకోగలిగేదీ అంతే. యంత్రం ఎంత వేగంగా ఆడినా పచ్చికాయను ఆడలేదు కదా.

జూన్ మొదట్లో రెండు రోజులు ఇదే పద్ధతిలో నడిపి చూశాం, ఏ ఇబ్బందీ రాలేదని మీరు గుర్తుచేశారు. నిజమే. అప్పుడు షెడ్డు ఖాళీగా ఉంది. రెండు రోజులకు 860 టన్నులు, 1,200లో హాయిగా సర్దుకున్నాయి. మూడో రోజు కూడా నడిపి ఉంటే 340 టన్నులకే చోటు మిగిలేది. నాలుగు, ఐదు రోజుల్లో మొదటి లాటు ఇంకా మాగుతూనే ఉండేది కాబట్టి ఒక్క క్రేటు కూడా బయటకు వచ్చేది కాదు. ఆ పరీక్ష తప్పు కాదు, కానీ అడ్డంకి కనపడేలోపే ఆపేశాం.

ఇప్పుడు సీజను నడిమధ్యలో ఉన్నాం, షెడ్డు నిండే ఉంది. ఈ స్థితిలో చవకైన ప్రణాళికను అమలు చేస్తే రోజుకు 190 టన్నులు గేటు బయట మిగులుతాయి. పది టన్నుల లెక్కన 19 లారీలు. ఒక రాత్రికి లారీకి రూ.1,500 హాల్టింగ్ వేసుకుంటే మొదటి రాత్రికే రూ.28,500 అవుతుంది. కిరాయిలో మిగిల్చామనుకున్న రూ.21,400 కంటే అదే ఎక్కువ. రెండో రాత్రికి బయట 38 లారీలు, రూ.57,000. ఈ డబ్బు వేరే ఖాతాలో పడుతుంది కాబట్టి రవాణా షీటులో కనపడదు, అంతే తేడా.

ఖాతాల్లో ఎక్కడా కనపడనిది ఇంకొకటి ఉంది. పోయిన సీజనులో ఒక రాత్రి కాటా దగ్గర నిలబడ్డాను. రెండు రోజులుగా ఆగిన లారీ పట్టా తీస్తే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. అడుగు వరుస కాయ నలిగి, వెనుక తలుపు సందులోంచి రసం చుక్కలుగా రోడ్డు మీద పడుతోంది. ఆ రైతు ఒక కాయను కోసి నాకు చూపించాడు, టెంక చుట్టూ నల్లబడి ఉంది. “అమ్మా, చెట్టు మీద ఉంటే ఇంకో నాలుగు రోజులు ఆగేది. కోసి తెచ్చాక ఎక్కడ ఆగుతుంది?” అన్నాడు. ఆ లోడులో తీసేసిన కాయ బరువు ఆయన బిల్లులోనే తగ్గింది. మన ప్రణాళిక చవకగా కనపడటానికి ఆ నష్టాన్ని ఆయన భరించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

అందుకే మోడల్‌లో ఈ వరుసలు చేర్చాను. మిగతా రెండు యూనిట్లకూ షెడ్డు కొలతే తీసుకున్నాను, రేణిగుంటకు 800, పుత్తూరుకు 700 టన్నులు:

```
sum(x[i,"CTR"] for i in ramps) <= 1200/5
sum(x[i,"RNG"] for i in ramps) <= 800/5
sum(x[i,"PTR"] for i in ramps) <= 700/5
```

వీటితో సాల్వర్ చేసిన మార్పులు రెండే. దామలచెరువు 160 టన్నులూ రేణిగుంటకు వెళ్తాయి. అక్కడికి టన్నుకు రూ.520, చిత్తూరుకు రూ.420, అంటే రూ.100 అదనం, మొత్తం రూ.16,000. పెనుమూరు కాయలో 30 టన్నులు పుత్తూరుకు వెళ్తాయి, టన్నుకు రూ.180 అదనం, రూ.5,400. రెండూ కలిపితే మీరు అడిగిన రూ.21,400. బంగారుపాళెం కాయను కదపలేదు. దాన్ని దారి మళ్లించాలంటే టన్నుకు కనీసం రూ.480 అదనం, అన్నిటికంటే ఖరీదు.

ఈ పరిమితి వల్ల మనకు పనికొచ్చే సంగతి ఒకటి తెలిసింది. చిత్తూరులో రోజుకు ఒక టన్ను అదనంగా తీసుకోగలిగితే మిగిలేది రూ.180. మొదటి 30 టన్నుల వరకు ఇదే లెక్క, ఆ తర్వాత రూ.100కు పడిపోతుంది. రోజుకు 30 టన్నులు పెరగాలంటే 150 టన్నులు పట్టే షెడ్డు చాలు. సీజనులో ఇంకా 40 రోజులు మిగిలి ఉన్నాయనుకుంటే రూ.2,16,000 మిగులుతుంది. దగ్గరలో అంతకంటే తక్కువకు షెడ్డు అద్దెకు దొరికితే, కూలీ, క్రేట్ల ఖర్చు కూడా కలిపి చూసుకుని, వెంటనే తీసుకుందామని నా సలహా. మూడో లైను కొనే ప్రతిపాదనను మాత్రం ఈ ఏడాదికి పక్కన పెట్టండి. ఉన్న రెండు లైన్లకే మాగిన కాయ చాలడం లేదు.

నాకు భయమున్నది ఒక్క చోటే. మూడు షెడ్లూ కలిపి రోజుకు 540 టన్నులు, సరుకు 500. సరుకు రాక పది శాతం పెరిగితే 550 అవుతుంది. అప్పుడు ఏ యూనిట్‌కు పంపినా 10 టన్నులు బయటే మిగులుతాయి, సాల్వర్ కూడా పరిష్కారం లేదనే చెబుతుంది. ఆ స్థితి వచ్చేలోపు ర్యాంపుల్లో కోతకు ముందే టోకెన్లు ఇవ్వడం మొదలుపెట్టాలి. కాయ చెట్టు మీద ఉండగానే రైతుకు తేదీ తెలియాలి.

దామలచెరువు లారీలను రేణిగుంటకు మళ్లించడానికి ట్రాన్స్‌పోర్టు వాళ్లకు ఈ సాయంత్రం 5 గంటల్లోగా చెప్పాలి. మీరు సరేనంటే రేపటి లోడింగు నుంచే మారుస్తాను. షెడ్డు అద్దె సంగతి చిత్తూరు యూనిట్ ఇన్‌ఛార్జితో మాట్లాడి, ధరలు గురువారం మీకు పంపుతాను.

ఇట్లు,
లాజిస్టిక్స్ విశ్లేషకురాలు,
చిత్తూరు కార్యాలయం

జత: రెండు ప్రణాళికల షీట్లు, షెడ్డు రిజిస్టరు నకలు