సాక్ష్య చట్టం మాక్ పేపర్: చీఫ్, క్రాస్, లీడింగ్ ప్రశ్నలు

జూనియర్ సివిల్ జడ్జి స్క్రీనింగ్ పరీక్షకు, ఏపీపీ రాత పరీక్షకు చదివేవారి కోసం. ప్రశ్నలు 12, సమయం 15 నిమిషాలు. సరైన జవాబుకు 1 మార్కు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. సెక్షన్ నంబర్లన్నీ భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 లోవి. పాత చట్టం అంటే 1872 నాటి సాక్ష్య చట్టం. జవాబులు, వివరణలు పేపర్ చివర ఉన్నాయి. ముందే చూస్తే ఈ పేపర్ వృథా.

1 నుంచి 8 వరకు ప్రశ్నలకు ఆధారమైన కల్పిత కేసు: 2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి 9.30 గంటలకు తెనాలి బస్టాండు బయట కత్తి చూపించి బంగారు గొలుసు లాక్కున్నారు. సెషన్స్ కోర్టులో విచారణ నడుస్తోంది. పీడబ్ల్యూ-1 బాధితురాలు, పీడబ్ల్యూ-2 పక్కనే ఉన్న టీ కొట్టు యజమాని, పీడబ్ల్యూ-3 గొలుసు స్వాధీనానికి మధ్యవర్తి, పీడబ్ల్యూ-4 దర్యాప్తు అధికారి.

1. పీడబ్ల్యూ-2 చీఫ్‌లో ఉన్నాడు. కింది వాటిలో లీడింగ్ ప్రశ్న ఏది?
ఎ) ఆ రాత్రి తొమ్మిదిన్నరకు మీరెక్కడ ఉన్నారు?
బి) కేక వినపడ్డాక మీరేం చేశారు?
సి) ఆ మనిషి ఎటు వెళ్ళాడు?
డి) అతను ఎర్ర చొక్కాలోనే ఉన్నాడు కదా?

2. పబ్లిక్ ప్రాసిక్యూటర్ పీడబ్ల్యూ-2ను చీఫ్‌లో ‘కత్తి పట్టుకున్నది ఈ ముద్దాయే కదా?’ అని అడిగారు. సెక్షన్ 146(2) ప్రకారం సరైనది:
ఎ) అభ్యంతరం ఉన్నా లేకున్నా చీఫ్‌లో లీడింగ్ ప్రశ్న పూర్తిగా నిషిద్ధం
బి) ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే, కోర్టు అనుమతి లేకుండా అడగరాదు
సి) అభ్యంతరం వచ్చాక అనుమతించే అధికారం కోర్టుకు ఉండదు
డి) ఈ నిబంధన చీఫ్‌కే పరిమితం, రీ-ఎగ్జామినేషన్‌కు వర్తించదు

3. కోర్టు లీడింగ్ ప్రశ్నలను అనుమతించి తీరాల్సిన అంశాల్లో లేనిది:
ఎ) పరిచయాత్మకమైనవి
బి) వివాదం లేనివి
సి) సాక్షి మరిచిపోయినవి
డి) అప్పటికే తగినంతగా రుజువయ్యాయని కోర్టు భావించినవి

4. పీడబ్ల్యూ-1 చీఫ్‌లో గొలుసు గురించి మాత్రమే చెప్పింది. బస్టాండు బయట వీధి దీపాలు వెలగలేదన్న విషయం మీద డిఫెన్స్ న్యాయవాది క్రాస్ చేయబోయారు. పీపీ అభ్యంతరం: ‘ఇది చీఫ్‌లో రాలేదు.’ కోర్టు ఏం చేయాలి?
ఎ) అభ్యంతరాన్ని ఆమోదించాలి
బి) పీడబ్ల్యూ-1ను మళ్ళీ చీఫ్ చేయమనాలి
సి) అభ్యంతరాన్ని తోసిపుచ్చాలి
డి) ఆ ప్రశ్నను పీడబ్ల్యూ-4కు వాయిదా వేయాలి

5. పీడబ్ల్యూ-1 రీ-ఎగ్జామినేషన్‌లో, కోర్టు అనుమతితో, ముద్దాయిని అంతకుముందు వారం కూడా చూశానన్న కొత్త విషయం బయటికి వచ్చింది. అప్పుడు:
ఎ) ఆ భాగాన్ని రికార్డు నుంచి తొలగించాలి
బి) ఆ విషయం మీద ఎదుటి పక్షం మళ్ళీ క్రాస్ చేయవచ్చు
సి) మొత్తం సాక్ష్యం మీద మళ్ళీ మొదటి నుంచీ క్రాస్ చేసే హక్కు వస్తుంది
డి) క్రాస్ ముగిసింది కాబట్టి ఇక ప్రశ్నలు లేవు

6. పీడబ్ల్యూ-3 కోర్టులో ‘నా ముందు ఏమీ స్వాధీనం చేసుకోలేదు, ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు’ అన్నాడు. తప్పు వాక్యం:
ఎ) కోర్టు అనుమతిస్తే పీపీ అతన్ని క్రాస్‌లో అడిగే ప్రశ్నలు అడగవచ్చు
బి) అనుమతి వచ్చాక లీడింగ్ ప్రశ్నలూ అడగవచ్చు
సి) అనుమతి ఇచ్చిన క్షణం నుంచి అతని సాక్ష్యం మొత్తం చెల్లదు
డి) సెక్షన్ 157లో ‘హోస్టైల్’ అనే మాట లేదు

7. పీడబ్ల్యూ-2 పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో ‘ముఖానికి గుడ్డ కట్టుకున్నాడు’ అని ఉంది. కోర్టులో ‘ముఖం స్పష్టంగా చూశాను’ అన్నాడు. అతను తన వాంగ్మూలాన్ని ఒప్పుకోకపోతే వైరుధ్యాన్ని రుజువు చేసే సరైన క్రమం:
ఎ) వాంగ్మూలం మొత్తాన్ని ఎగ్జిబిట్‌గా మార్క్ చేసి, తరువాత సాక్షిని అడగాలి
బి) పీడబ్ల్యూ-4 ద్వారా ముందే రుజువు చేసి, ఆపై పీడబ్ల్యూ-2ను పిలవాలి
సి) సాక్షికేమీ చూపకుండా ఆర్గ్యుమెంట్ల సమయంలో ఎత్తిచూపాలి
డి) ఆ భాగాన్ని సాక్షి దృష్టికి తెచ్చి జవాబు రికార్డు చేయించి, తరువాత పీడబ్ల్యూ-4 ద్వారా రుజువు చేయాలి

8. క్రాస్‌లో పీడబ్ల్యూ-2ను ‘గతంలో దొంగతనం కేసులో మీకు శిక్ష పడింది కదా?’ అని అడిగితే కాదన్నాడు. ఇప్పుడు డిఫెన్స్:
ఎ) ఆ శిక్షను రుజువు చేసే సాక్ష్యం ఇవ్వవచ్చు
బి) ఆ జవాబుకు కట్టుబడాల్సిందే
సి) తప్పుడు సాక్ష్యం కేసు పెట్టించడం తప్ప మార్గం లేదు
డి) పీపీ సమ్మతి తీసుకుని రుజువు చేయాలి

9. ఒక పత్రాన్ని కోర్టులో దాఖలు చేయడానికి మాత్రమే సమన్లు అందుకున్న బ్యాంకు ఉద్యోగి:
ఎ) దాఖలు చేయగానే సాక్షి అవుతాడు, క్రాస్ చేయవచ్చు
బి) సాక్షిగా పిలిస్తే తప్ప క్రాస్ చేయడం కుదరదు
సి) పత్రం ఇచ్చిన పక్షమే క్రాస్ చేయవచ్చు
డి) ప్రమాణం చేయకున్నా క్రాస్ చేయవచ్చు

10. సివిల్ దావాలో సాక్షి చీఫ్ ఏ రూపంలో ఉండాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 18 రూల్ 4 చెబుతుంది?
ఎ) ప్రశ్న–జవాబు రూపంలో
బి) న్యాయమూర్తి చెప్పి రాయించిన రూపంలో
సి) అఫిడవిట్ రూపంలో
డి) పక్షాల ఇష్టం

11. న్యాయమూర్తి స్వయంగా సాక్షిని ప్రశ్నించారు. ఆ జవాబు మీద క్రాస్ చేయాలంటే:
ఎ) కోర్టు అనుమతి కావాలి
బి) హక్కుగా చేయవచ్చు
సి) ఎవరూ ఎప్పుడూ చేయకూడదు
డి) సాక్షిని పిలిచిన పక్షానికే ఆ హక్కు

12. పాత చట్టం – కొత్త చట్టం: తప్పు జత ఏది?
ఎ) 138 – 143
బి) 142 – 146
సి) 145 – 149
డి) 154 – 157

జవాబులు: 1-డి, 2-బి, 3-సి, 4-సి, 5-బి, 6-సి, 7-డి, 8-ఎ, 9-బి, 10-సి, 11-ఎ, 12-సి

వివరణలు

1. అడిగేవారు కోరే జవాబును ప్రశ్నే అందిస్తే అది లీడింగ్. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రతి ప్రశ్నా లీడింగ్ కాదు, ఈ తేడా తెలియక పోయే మార్కులే ఎక్కువ. ‘మీరు అక్కడ ఉన్నారా, లేరా?’ అన్నది ఎటూ మొగ్గదు. అదే ‘మీరు అక్కడే ఉన్నారు కదా’ అంటే జవాబు ప్రశ్నలోనే ఉంది. ఇంకో రకం ఉంది, పేపర్ సెట్టర్లకు ఇష్టమైనది: రుజువు కాని విషయాన్ని నిజమన్నట్టు లోపల పెట్టుకున్న ప్రశ్న. ‘గొలుసు లాక్కున్నాక ముద్దాయి ఎటు పరుగెత్తాడు?’ అన్న ప్రశ్నలో లాక్కున్నది ముద్దాయే అన్నది ముందే కలిసిపోయింది. సాక్షి అప్పటికి ఆ మాట చెప్పి ఉండకపోతే అభ్యంతరం నిలుస్తుంది. ‘ఎటు’ అనే పదం చూసి అమాయకమైన ప్రశ్న అనుకోకండి.

2. సెక్షన్ 146(2)లో కీలకం ‘అభ్యంతరం చెబితే’ అన్న షరతు. అలాగని ఎదుటి న్యాయవాది మౌనంగా ఉన్నంత మాత్రాన పీపీ ఇష్టమొచ్చినట్టు నడిపించవచ్చని కాదు. వర్కీ జోసెఫ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ కేరళ (1993) తీర్పులో సుప్రీంకోర్టు, సాక్షి నోట అవును, కాదు అనిపించేలా ప్రాసిక్యూటర్ లీడింగ్ ప్రశ్నలు అడగనివ్వడం న్యాయమైన విచారణకు విరుద్ధమని, ఆర్టికల్ 21కి భంగమని చెప్పింది. ఆబ్జెక్టివ్ పేపర్‌లో మాత్రం సెక్షన్ మాటే జవాబు. ‘డి’ ఎంచుకున్నవారు సబ్‌సెక్షన్‌ను మళ్ళీ చదవాలి, రీ-ఎగ్జామినేషన్ అందులోనే ఉంది.

3. సబ్‌సెక్షన్ (3)లో ఉన్నది ‘అనుమతించాలి’, ‘అనుమతించవచ్చు’ కాదు. సాక్షి పేరు, ఊరు, వృత్తి లాంటి పరిచయ ప్రశ్నలు ఈ కోవలోవే. మరిచిపోయిన సాక్షికి దారి వేరే ఉంది: సెక్షన్ 162 కింద రాతపత్రం చూసి జ్ఞాపకం తెచ్చుకోవడం. లేదా కోర్టు తన విచక్షణతో 146(2) కింద అనుమతి ఇవ్వవచ్చు, కానీ ఇవ్వక తప్పదని ఏమీ లేదు.

4. చీఫ్, క్రాస్ రెండూ సంబంధిత వాస్తవాలకు చెందాలి. క్రాస్ మాత్రం చీఫ్‌లో చెప్పినదానికే పరిమితం కానక్కర్లేదు: సెక్షన్ 143(2). అమెరికా ఫెడరల్ కోర్టుల నియమం దీనికి దాదాపు తిరగబడి ఉంటుంది, ఇంగ్లిష్ వీడియోలు చూసి చదివేవారు ఇక్కడే తికమకపడతారు. వెలుతురు గుర్తింపుకు సంబంధించిన వాస్తవం కనుక ప్రశ్న నిలుస్తుంది. ఇంతటి స్వేచ్ఛ ఉన్నచోట బాధ్యతా ఉంటుంది. సాక్షి చెప్పింది అబద్ధమని తరువాత వాదించదలిస్తే ఆ మాట క్రాస్‌లో అతని ముందు పెట్టాలి. బ్రౌన్ వర్సెస్ డన్ (1893) సూత్రం ఇదే, స్టేట్ ఆఫ్ యూపీ వర్సెస్ నాహర్ సింగ్ (1998)లో సుప్రీంకోర్టు దాన్ని అనుసరించింది.

5. రీ-ఎగ్జామినేషన్ ఉద్దేశం క్రాస్‌లో వచ్చిన విషయాలకు వివరణ ఇప్పించడం. కొత్త విషయం తేవాలంటే కోర్టు అనుమతి, తెస్తే ఆ ఒక్క విషయం మీద తిరిగి క్రాస్. ‘సి’లో వల ‘మొత్తం’ అన్న మాటే. రీ-ఎగ్జామినేషన్ అస్పష్టతల సవరణకే అన్న వాక్యం పేపర్‌లో కనిపిస్తే తప్పని గుర్తించండి, ఆ అపోహను రమ్మి వర్సెస్ స్టేట్ ఆఫ్ ఎంపీ (1999) తొలగించింది.

6. సెక్షన్ 157(2): అనుమతి ఇచ్చినంత మాత్రాన సాక్ష్యంలో ఏ భాగం మీదా ఆధారపడే హక్కు పోదు. సత్‌పాల్ వర్సెస్ ఢిల్లీ అడ్మినిస్ట్రేషన్ (1976) కూడా ఇదే చెప్పింది: విశ్వసనీయమైన భాగాన్ని కోర్టు జాగ్రత్తగా తీసుకోవచ్చు. మన కోర్టుల్లో మధ్యవర్తులు ఇలా తిరగడం రోజువారీ వ్యవహారం. అందుకే ఈ ప్రశ్న పదేపదే వస్తుంది.

7. సెక్షన్ 148: రాతలో వైరుధ్యానికి వాడే భాగాలను, ఆ రాతను రుజువు చేయకముందే సాక్షి దృష్టికి తేవాలి. పోలీసు వాంగ్మూలం అయితే దీనికి బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 181 తోడవుతుంది. ముద్దాయి దాన్ని వైరుధ్యానికి వాడుకోవచ్చు, ప్రాసిక్యూషన్‌కు మాత్రం కోర్టు అనుమతి కావాలి. సాక్షి ‘అలా చెప్పలేదు’ అన్నాడనుకోండి, ఆ మాట డిపోజిషన్‌లో ఎక్కించి, ఆ భాగాన్ని మాత్రమే గుర్తించి, దర్యాప్తు అధికారి వచ్చినప్పుడు ‘సాక్షి మీకిలా చెప్పాడా?’ అని అడిగి ఎగ్జిబిట్‌గా వేయించాలి. అధికారిని అడగడం మరిచిపోతే పీడబ్ల్యూ-2 క్రాస్‌లో రాబట్టింది రుజువు కాకుండా మిగిలిపోతుంది. ‘ఎ’ ఎందుకు తప్పంటే, వాంగ్మూలం మొత్తం మార్క్ చేస్తే వైరుధ్యం లేని భాగాలూ దొడ్డిదారిన రికార్డులోకి వస్తాయి.

8. విశ్వసనీయతను మాత్రమే దెబ్బతీసే ప్రశ్నకు వచ్చిన జవాబును ఖండించే సాక్ష్యం ఇవ్వకూడదన్నది సెక్షన్ 156 సాధారణ సూత్రం. మినహాయింపులు రెండు: గత శిక్షను కాదనడం, పక్షపాతం మీద అడిగిన ప్రశ్నకు కాదనడం. మిగతావాటిలో జవాబు అబద్ధమైతే సాక్షి మీద తప్పుడు సాక్ష్యం అభియోగం వేరుగా వస్తుంది.

9. సెక్షన్ 144.

10. అఫిడవిట్‌తో పాటు దాఖలైన పత్రాలు రుజువవుతాయా, స్వీకరించదగినవా అన్నది కోర్టు ఉత్తర్వులకు లోబడే ఉంటుంది. క్రాస్, రీ-ఎగ్జామినేషన్ కోర్టు గానీ, కోర్టు నియమించిన కమిషనర్ గానీ నమోదు చేస్తారు. అఫిడవిట్‌ను న్యాయవాదే తయారుచేస్తాడు కాబట్టి, సివిల్ చీఫ్‌లో లీడింగ్ ప్రశ్న అభ్యంతరానికి ఆచరణలో చోటు దాదాపు లేదు.

11. సెక్షన్ 168. న్యాయమూర్తి ప్రశ్న మీద అభ్యంతరం చెప్పే హక్కు కూడా పక్షాలకు లేదు.

12. 145కు జత 148, 149 అన్నది పాత 146. గుర్తుపెట్టుకునే పద్ధతి ఇది: పాత 135 నుంచి 141 వరకు 5 కలపండి. పాత 141, 142, 143 మూడూ కలిసి ఒకే 146 అయ్యాయి, అంటే రెండు అంకెలు తగ్గాయి. కాబట్టి 144 నుంచి 165 వరకు 3 కలపండి. కొత్త చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఆనాటికే నడుస్తున్న విచారణలకు సెక్షన్ 170 పాత చట్టాన్నే నిలిపి ఉంచింది, అందుకే కొన్ని పేపర్లలో పాత నంబర్లు ఇంకా కనిపిస్తాయి. ప్రశ్నలో ఏ చట్టం పేరు ఉందో చూసి ఆ నంబరే గుర్తించండి.